sup(A+B) = sup A + sup B నిరూపణ: ఆరు మార్కులకు రెండే ఎందుకు వచ్చాయి?

మాధవి (యలహంక) · సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్నల్ పరీక్ష పేపరు ఇవాళ చేతికి వచ్చింది. ప్రశ్న ఇది: A, B రెండూ వాస్తవ సంఖ్యల శూన్యేతర సమితులు, రెండింటికీ ఎగువ హద్దులున్నాయి. A లోంచి ఒకటి, B లోంచి ఒకటి తీసి కూడితే వచ్చే మొత్తాలన్నిటి సమితి A+B. అప్పుడు sup(A+B) = sup A + sup B అని నిరూపించాలి.

నేను రాసింది మక్కీకి మక్కీగా ఇస్తున్నాను.

"sup A = α, sup B = β అనుకుందాం. A లో ఏ a తీసుకున్నా a ≤ α. B లో ఏ b తీసుకున్నా b ≤ β. రెండూ కూడితే a + b ≤ α + β. కాబట్టి sup(A+B) = α + β."

ఆరుకి రెండు వేశారు. చివరి వాక్యం కింద ఎర్ర గీత. మేడమ్‌ని అడిగితే "మిగతా సగం ఎక్కడ?" అన్నారు. ఎంత చూసినా నాకు ఇందులో తప్పు కనిపించడం లేదు. ఉన్నవన్నీ నిజమైన వాక్యాలే కదా?

---

సున్నా_ఒకటి · సోమవారం, రాత్రి 10.05

తప్పు లేదు, ఒక్క వాక్యం తక్కువైంది. α + β ఆ సమితికి ఎగువ హద్దు అని చూపించారు. అది A+B లోనే ఉందని కూడా చూపిస్తే సరిపోతుంది. A లో α కి సమానమైన a తీసుకోండి, B లో β కి సమానమైన b తీసుకోండి. రెండూ కూడితే α + β వస్తుంది. సమితిలో ఉన్న సంఖ్యే ఎగువ హద్దు అయితే అంతకంటే చిన్న ఎగువ హద్దు ఉండదు. అయిపోయింది. దీనికి నాలుగు మార్కులు కోయడం అన్యాయం.

---

కోరమంగళ కోడర్ · సోమవారం, రాత్రి 10.31

నాకు ఈ sup గొడవ ఎప్పుడూ అర్థం కాలేదు. మా సర్వర్లు జవాబివ్వడానికి పట్టే సమయాల్లో గరిష్ఠం కావాలంటే `max()` అని రాస్తాం, వస్తుంది. రెండు దశలుంటే రెండు గరిష్ఠాలూ కూడితే మొత్తం గరిష్ఠం రావాలి. కానీ మా దగ్గర ఎప్పుడూ అంతకంటే తక్కువే వస్తుంది. అంటే ఈ సిద్ధాంతమే తప్పేమో?

---

పాత లెక్చరర్ (బనశంకరి) · మంగళవారం, ఉదయం 6.15

అమ్మా మాధవీ, నువ్వు రాసిన వాక్యాల్లో చివరిది తప్ప అన్నీ నిజమే. చివరిది కూడా నిజమే, అయితే దాని ముందున్న "కాబట్టి" నిజం కాదు. ఆ ఎర్ర గీత ఆ మాట కింద పడి ఉంటుంది.

ఎందుకో చెబుతాను. నీ నిరూపణలో α, β ఉన్నచోట α + 7, β + 100 పెట్టి మళ్ళీ చదువు. a ≤ α + 7 నిజమే. b ≤ β + 100 నిజమే. కూడితే a + b ≤ α + β + 107. "కాబట్టి sup(A+B) = α + β + 107." ఒక్క అడుగు కూడా మారలేదు, జవాబు మాత్రం శుద్ధ తప్పు. α కనిష్ఠ ఎగువ హద్దు అన్న సంగతిని నువ్వు ఎక్కడా వాడలేదు; అది ఎగువ హద్దు అన్నంత వరకే వాడావు. ఇచ్చిన సరుకులో సగం వాడకుండా వంట ముగించావు.

సున్నా_ఒకటి గారు ఏ సగం లేదో సరిగ్గానే పట్టుకున్నారు, పూరించిన తీరే కుదరలేదు. A లో α ఉంటుందని ఎవరు చెప్పారు? A లో 1 − 1/n రూపంలోని సంఖ్యలు, అంటే 0, 1/2, 2/3, 3/4, ఇలా ఉన్నాయనుకోండి. B లో 2 − 1/n రూపంలోని సంఖ్యలు. α = 1, β = 2. A లో 1 లేదు, B లో 2 లేదు, A+B లో 3 లేదు. అయినా sup(A+B) మూడే. మీ నిరూపణ ఈ ఉదాహరణ దగ్గరే ఆగిపోతుంది.

---

సున్నా_ఒకటి · మంగళవారం, ఉదయం 8.50

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. అయితే దిద్దుతాను. α కనిష్ఠం కాబట్టి, ఏ ఎప్సిలాన్ > 0 ఇచ్చినా A లో a > α − ε అయ్యే a ఒకటి ఉంటుంది. అలాగే B లో b > β − ε అయ్యే b. ఇప్పుడు ఎప్సిలాన్‌ను సున్నాకు పోనిస్తే a ≥ α, b ≥ β. కూడితే a + b ≥ α + β. ఇటువైపు అసమానత కూడా వచ్చేసింది.

---

వసుంధర · మంగళవారం, మధ్యాహ్నం 1.20

నేను డిగ్రీ కాలేజీలో పేపర్లు దిద్దుతాను. సున్నా_ఒకటి గారు రాసిన ఈ రెండో నిరూపణ ప్రతి కట్టలోనూ పది సార్లు కనిపిస్తుంది. మొదటి దానికంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే చూడడానికి అచ్చం సరైనదానిలా ఉంటుంది.

మీరు చివరికి తేల్చినది a ≥ α. అంటే మళ్ళీ A లో α ఉందన్నట్టే. మాస్టారు ఇప్పుడే లేదని చూపించిన సంగతి దొడ్డిదారిన తిరిగి వచ్చింది. అక్షరం a అని ఒక్కటే రాయడం వల్ల అది ఒకే సంఖ్య అనిపిస్తోంది. ఎప్సిలాన్ మారితే a మారుతుంది.

దర్జీ దగ్గరకు వెళ్ళి చూడండి. ఎవరు వచ్చి ఏ కొలత ఇచ్చినా దానికి సరిపడే చొక్కా కుట్టి ఇస్తాడు. అంత మాత్రాన ఊరందరికీ సరిపోయే ఒకే చొక్కా అతని దగ్గర ఉన్నట్టు కాదు. ముందు ఎప్సిలాన్, తరువాత a. ఆ వరస తప్పితే నిరూపణ లేదు.

ఎప్సిలాన్‌ను ఎక్కడికీ పంపకండి. అక్కడే నిలబెట్టి పని కానివ్వండి.

---

మాధవి (యలహంక) · మంగళవారం, రాత్రి 8.15

నిలబెట్టి చూశాను. ఎప్సిలాన్ ఇచ్చారు. a > α − ε/2 అయ్యే a తీసుకున్నాను, b > β − ε/2 అయ్యే b తీసుకున్నాను. కూడితే a + b > α + β − ε. అంటే α + β − ε అనేది A+B కి ఎగువ హద్దు కాదు, దాన్ని దాటిన సంఖ్య ఆ సమితిలోనే ఉంది. ఎప్సిలాన్ ఎంత చిన్నదైనా ఇదే మాట. కాబట్టి α + β కంటే చిన్న సంఖ్య ఏదీ ఎగువ హద్దు కాలేదు.

మాస్టారి ఉదాహరణ మీద లెక్క వేసి చూశాను, నమ్మకం కోసం. ε = 1/10 అనుకుంటే ఒక్కోదానికి 1/20 వాటా. 1 − 1/n అనేది 1 − 1/20 ని దాటాలంటే n కనీసం 21 ఉండాలి. a = 20/21, b = 41/21. మొత్తం 61/21, అంటే సుమారు 2.905. నిజంగానే 2.9 దాటింది. ε = 1/100 అయితే n = 201 కావాలి. దర్జీ మళ్ళీ కుట్టాలన్నమాట.

ఒక్క అనుమానం. ఆ ε/2 ఎక్కడి నుంచి వచ్చింది? పుస్తకాల్లో ఆకాశం నుంచి పడినట్టు ఉంటుంది.

---

వసుంధర · మంగళవారం, రాత్రి 9.02

సున్నా_ఒకటి గారిలా రెండు చోట్లా ε పెడితే చివర α + β − 2ε వచ్చేది. అదీ తప్పు కాదు, కావలసిన ఎప్సిలాన్‌లో సగం పెట్టి మొదలుపెట్టాలంతే. చిత్తు కాగితం మీద చివరి నుంచి మొదటికి లెక్క వేసి, ఫెయిర్ కాపీలో మొదటి నుంచి చివరికి రాస్తారు. పుస్తకం చిత్తు కాగితాన్ని దాచేస్తుంది కాబట్టే ఆకాశం నుంచి పడినట్టు ఉంటుంది.

---

పాత లెక్చరర్ (బనశంకరి) · బుధవారం, ఉదయం 6.05

ఎప్సిలాన్ లేని దారి ఒకటుంది. నాకు అదే ఇష్టం, నలభై ఏళ్ళు పిల్లలకు అదే చెప్పాను.

A+B కి ఏదో ఒక ఎగువ హద్దు u ఉందనుకో. B లో ఒక b ని పట్టుకుని కదలకుండా ఉంచు. A లోని ప్రతి a కీ a + b ≤ u. అంటే a ≤ u − b. ఇప్పుడు u − b ఏమిటి? A కి ఒక ఎగువ హద్దు. α అన్నిటికంటే చిన్న ఎగువ హద్దు కాబట్టి α ≤ u − b.

దాన్ని తిప్పి రాస్తే b ≤ u − α. మనం పట్టుకున్న b ఏదైనా కావచ్చు, కాబట్టి ఇది ప్రతి b కీ నిజం. అంటే u − α అనేది B కి ఎగువ హద్దు. కాబట్టి β ≤ u − α. అంటే α + β ≤ u.

అంతే. "కనిష్ఠం" అన్న మాటను రెండు సార్లు, A కి ఒకసారి B కి ఒకసారి, పేరు పెట్టి వాడాం. ఎక్కడ వాడామో వేలు పెట్టి చూపించవచ్చు.

కోరమంగళ బాబూ, మీ సర్వర్ల సంగతి మరిచిపోలేదు. సాయంత్రం రాస్తాను, ఇప్పుడు నడకకు వేళయింది.

---

అడయార్ వేంకట్ · బుధవారం, ఉదయం 10.40

చెన్నై నుంచి. నేను చదువుకున్న పుస్తకంలో ఇది సమానత కాదు, sup(f+g) ≤ sup f + sup g అని ఉంది. సమానత రాదని ఉదాహరణ కూడా ఇచ్చారు: [0, 1] మీద f(x) = x, g(x) = −x. f కి సుప్రీమం 1, g కి 0, f + g అన్నిచోట్లా 0. ఒకటి ఎక్కడ, సున్నా ఎక్కడ? కాబట్టి ప్రశ్నలోనే తప్పుంది. మాధవి గారు ఆరుకి ఆరు మార్కులూ అడగాలి.

---

మాధవి (యలహంక) · బుధవారం, మధ్యాహ్నం 2.10

వేంకట్ గారూ, మీ మాట చదివి గుండె ఆగినంత పనయింది. క్యాంటీన్‌లో కూర్చుని రాసి చూశాను. మీ f విలువల సమితి A = [0, 1], g విలువల సమితి B = [−1, 0]. నా ప్రశ్నలో A లోంచి 1, B లోంచి 0 తీసి కూడవచ్చు, 1 వస్తుంది. మీ దాంట్లో కూడలేం, ఎందుకంటే f విలువ 1 కావాలంటే x = 1 దగ్గర నిలబడాలి, అక్కడ g విలువ −1. రెండూ ఒకే x దగ్గర తీసుకోవాలన్న షరతు ఉంది. నా ప్రశ్నలో ఆ షరతు లేదు. రెండూ వేరు వేరు ప్రశ్నలు కదా?

---

పాత లెక్చరర్ (బనశంకరి) · బుధవారం, సాయంత్రం 5.30

సరిగ్గా అదే. f + g విలువలు A+B లో ఒక ఉపసమితి మాత్రమే. ఉపసమితి సుప్రీమం పెద్ద సమితి సుప్రీమాన్ని దాటదు, తగ్గవచ్చు. నేను చెప్పిన దారిలో "b ని కదలకుండా పట్టుకుని a ని ఇష్టం వచ్చినట్టు తిప్పు" అన్నాను చూడు, ప్రమేయాల దగ్గర ఆ అడుగే వేయలేం. x కదిలితే రెండూ కదులుతాయి.

కోరమంగళ బాబు సర్వర్ల కథ కూడా ఇదే. మొదటి దశలో అన్నిటికంటే ఆలస్యమైన అభ్యర్థన, రెండో దశలో అన్నిటికంటే ఆలస్యమైన అభ్యర్థన ఒకటే కానక్కర లేదు. ప్రతి అభ్యర్థనకూ రెండు సమయాలూ జంటగా వస్తాయి, అదే మన x. అందుకే మొత్తం గరిష్ఠం తక్కువ వస్తోంది. సిద్ధాంతం తప్పు కాదు, మీరు వాడుతున్నది వేంకట్ గారి సిద్ధాంతం.

---

కోరమంగళ కోడర్ · బుధవారం, రాత్రి 11.15

మూడేళ్ళుగా దాన్ని కొలత లోపం అనుకుంటున్నాను! ధన్యవాదాలు మాస్టారూ.

అయినా గరిష్ఠం లేని సమితి అన్నది నాకు ఇంకా ఒంటికి పట్టడం లేదు. 1 కంటే చిన్న సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది నాకు కంప్యూటర్ చూపిస్తోంది.

```python
import math
print(math.nextafter(1.0, 0.0))
# 0.9999999999999999
```

---

వసుంధర · గురువారం, ఉదయం 9.25

అది కంప్యూటర్‌లో ఉన్న సంఖ్యల్లో పెద్దది. అవి పరిమితంగానే ఉన్నాయి, కాబట్టి శూన్యం కాని ప్రతి సమితికీ గరిష్ఠం ఉంటుంది, sup అన్న మాటే అక్కర లేదు. ఆ సంఖ్యకూ 1 కీ సగటు కాగితం మీద వేయండి, మధ్యలో ఇంకోటి దొరుకుతుంది.

మాధవీ, ఒక మాట. నువ్వు రాసినదానికి నేనైతే రెండు కూడా వేసేదాన్ని కాను. A+B శూన్యం కాదు, దానికి ఎగువ హద్దు ఉంది, కాబట్టి సంపూర్ణత వల్ల sup(A+B) ఉంది అన్న వాక్యం ఎక్కడ? లేనిదానికి విలువ కట్టావు.

---

పాత లెక్చరర్ (బనశంకరి) · గురువారం, సాయంత్రం 6.40

వసుంధర గారూ, ఇక్కడ నేను మీతో ఏకీభవించను. α, β ఉన్నాయనడానికి సంపూర్ణత కావాలి, నిజం. ఆ రెండూ చేతిలో ఉన్నాక ఇక దాని అవసరం లేదు. పైన నేను చూపినదాన్ని మళ్ళీ చూడండి: α + β ఎగువ హద్దు, ప్రతి ఎగువ హద్దూ దానికి సమానం లేదా ఎక్కువ. అంటే sup(A+B) ఉందని కూడా అదే నోటితో తేలిపోయింది. వాడినది కూడిక, తీసివేత, అసమానతలే. అకరణీయ సంఖ్యల్లో కూడా ఆ నిరూపణ అక్షరం మార్చకుండా నడుస్తుంది, α, β అక్కడ ఉంటే.

బోల్జానో 1817 లో ఈ కనిష్ఠ ఎగువ హద్దు ఉంటుందన్న సంగతి మీదే తన నిరూపణను నిలబెట్టాడు. అది ఎందుకు ఉంటుందో గట్టిగా చెప్పడానికి వాస్తవ సంఖ్యలంటే ఏమిటో ముందు తేలాలి, డెడెకిండ్ వ్యాసం 1872 లో గానీ రాలేదు. ఉనికి వేరు, ఉనికిలో ఉన్నదాని లెక్క వేరు. కష్టమంతా మొదటిదాంట్లోనే.

---

వసుంధర · గురువారం, రాత్రి 8.00

నిరూపణకు అవసరం లేదనడం ఒప్పుకుంటాను. కానీ మాధవి చివర sup(A+B) = ... అని రాసింది, ఆ చిహ్నం వాడే హక్కు ముందు సంపాదించాలి. మీ దారిలో రాసి ఉంటే అడిగేదాన్ని కాదు. మార్కుల విషయంలో నా మాట నాదే.

---

అడయార్ వేంకట్ · గురువారం, రాత్రి 9.30

ప్రశ్న తప్పుగా చదివినందుకు క్షమించాలి. ఆ అకరణీయ సంఖ్యల మాట బాగుంది. అక్కడ sup A, sup B రెండూ లేకపోయినా sup(A+B) ఉండవచ్చనుకుంటున్నాను. A లో √2 కంటే చిన్న అకరణీయ సంఖ్యలు, B లో 2 − √2 కంటే చిన్న అకరణీయ సంఖ్యలు. అకరణీయ సంఖ్యల్లో రెండింటికీ కనిష్ఠ ఎగువ హద్దు లేదు. కానీ A+B అంటే 2 కంటే చిన్న అకరణీయ సంఖ్యలన్నీ, దాని sup 2. సరేనా? అయితే A కి ఉండి, A+B కి ఉండి, B కి ఒక్కదానికే లేకుండా పోయే ఉదాహరణ ఉందా? నాకు దొరకలేదు.

---

సున్నా_ఒకటి · గురువారం, రాత్రి 10.10

A+B లో 2 కంటే చిన్నవి *అన్నీ* ఉంటాయని ఎలా?

---

అడయార్ వేంకట్ · గురువారం, రాత్రి 10.35

r < 2 అయితే r − 2 + √2 < √2. ఆ రెండింటి మధ్య అకరణీయ సంఖ్య a ఒకటి దొరుకుతుంది. a < √2 కాబట్టి అది A లో ఉంది, r − a < 2 − √2 కాబట్టి అది B లో ఉంది. రెండూ కూడితే r.

---

మాధవి (యలహంక) · శుక్రవారం, ఉదయం 7.50

వేంకట్ గారూ, మీరు అడిగిన ఉదాహరణ దొరకదు. రాత్రి కరెంటు పోయింది, ఫోను వెలుగులో మాస్టారి దారిలోనే వెళ్ళాను.

sup A = α, sup(A+B) = γ ఉన్నాయనుకుందాం. sup B = γ − α అని చూపిస్తాను. ముందు అది ఎగువ హద్దు కావాలి: ఒక b ని పట్టుకుంటే ప్రతి a కీ a ≤ γ − b. కాబట్టి α ≤ γ − b, అంటే b ≤ γ − α. తరువాత కనిష్ఠం కావాలి: B కి v ఏదైనా ఎగువ హద్దు అయితే a + b ≤ α + v, అంటే α + v అనేది A+B కి ఎగువ హద్దు. కాబట్టి γ ≤ α + v, అంటే γ − α ≤ v.

సంపూర్ణత ఎక్కడా వాడలేదు, కాబట్టి అకరణీయ సంఖ్యల్లో కూడా ఇంతే. A కి ఉంటే B కి తప్పకుండా ఉంటుంది.

---

వసుంధర · శుక్రవారం, ఉదయం 9.10

రెండు సగాలూ ఉన్నాయి. సమితులు శూన్యేతరం అని మాత్రం మళ్ళీ రాయలేదు.

---

మాధవి (యలహంక) · శుక్రవారం, ఉదయం 9.25

అక్కర లేదు మేడమ్. A+B కి sup ఉందన్నాను కదా. శూన్య సమితికి ప్రతి సంఖ్యా ఎగువ హద్దే, వాటిలో కనిష్ఠం ఉండదు. కాబట్టి A+B శూన్యం కాదు, అంటే A, B కూడా కావు.

---

వసుంధర · శుక్రవారం, ఉదయం 9.31

ఈ మూడు వాక్యాలూ పేపరులో రాయాలి.